తగ్గిన పాదం

చిన్నీ,

షేక్స్పియర్ నాటకం మాక్బెత్ ఐదో అంకం ఐదో సీన్ స్కాన్ చేయమంటే, అంటే పాదాల నడకని లెక్కగట్టమంటే, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదన్నావు. ముందు గురులఘువుల సంగతి పక్కన పెట్టు. మన పద్యంలో లెక్క అక్షరం పలకడానికి పట్టే కాలాన్ని బట్టి ఉంటుంది. ఇంగ్లీషులో ఏ సిలబుల్‌ని ఒత్తి పలుకుతామన్నదే లెక్క.

బ్లాంక్ వర్స్‌లో అంత్యప్రాస ఉండదు. పాదానికి మామూలుగా పది సిలబుల్స్, తేలిగ్గా ఒకటి, ఒత్తి ఒకటి చొప్పున ఐదు జతలు. ఆ సీన్‌లోనే సరిగ్గా కుదిరిన పాదం ఒకటుంది, పైకి చదువు: "దేర్ వుడ్ హావ్ బీన్ ఎ టైమ్ ఫర్ సచ్ ఎ వర్డ్." వుడ్, బీన్, టైమ్, సచ్, వర్డ్ మీద ఒత్తు పడుతుంది. ఈ నడక చెవికి పట్టాకే తేడాలు వినపడతాయి.

ఇప్పుడు దానికి ముందున్న రెండు మాటలు చూడు. మాక్బెత్ అనుచరుడు సీటన్ వచ్చి "ద క్వీన్, మై లార్డ్, ఈజ్ డెడ్" అంటాడు. ఆరే సిలబుల్స్, మూడే ఒత్తులు. ఒకరు పాదం సగంలో ఆపితే రెండోవాళ్లు పూర్తిచేయడం షేక్స్పియర్‌లో మామూలే. కానీ మాక్బెత్ జవాబు, "షి షుడ్ హావ్ డైడ్ హియరాఫ్టర్", ఏడు సిలబుల్స్. రెండూ కలిపితే పదమూడు, ఒక పాదంలో ఇమడవు. విడివిడిగా చూస్తే ఒక్కోదానికి రెండేసి ఒత్తులు తక్కువ. భార్య చనిపోయిందని విన్నాక మాక్బెత్ నోట వెంటనే మాట రాలేదని నేను చదువుకుంటాను. కొందరు నటులు వార్త వినగానే బదులిచ్చి, ఆ తర్వాత ఆగుతారు. ఖాళీ ఉందని ఛందస్సు చెబుతుంది గానీ, దాన్ని ఎక్కడ వాడాలో చెప్పదు.

తర్వాత "టుమారో, అండ్ టుమారో, అండ్ టుమారో" పదకొండు సిలబుల్స్. చివర ఒక తేలిక సిలబుల్ మిగలడం చాలా సాధారణం, దాన్ని పట్టుకుని అర్థాలు లాగకు. అసలు విశేషం వేరు: నాలుగో, ఎనిమిదో స్థానాల్లో ఒత్తు పడాల్సిన చోట ఉన్నది "అండ్". దాన్ని గట్టిగా ఒత్తలేం. అందుకే పాదం ఈడ్చుకుంటూ నడుస్తుంది.

ఒక జాగ్రత్త. లెక్క తప్పిందనుకునే ముందు ఉచ్చారణ చూసుకో. "టోల్డ్ బై యాన్ ఇడియట్, ఫుల్ ఆఫ్ సౌండ్ అండ్ ఫ్యూరీ" అన్న పాదంలో ఇడియట్‌ని మూడు సిలబుల్స్‌గా పలికితే పన్నెండు వస్తాయి. "ఇడ్యట్" అని రెండుగా పలికితే పదకొండే. మొదట్లో "టోల్డ్" మీద ఒత్తు పడి జత తిరగబడటం కూడా మామూలే, కంగారుపడకు.

దాని వెంటనే "సిగ్నిఫయింగ్ నథింగ్" వస్తుంది. సిగ్, ఫై, నథ్: మూడు ఒత్తులు, అంతే. ఈలోగా దూత వస్తాడు, మాక్బెత్ అతనితో అనేది మళ్లీ పూర్తి పాదం. అంటే ఆ మిగిలిన రెండు ఒత్తుల చోటు ఎవరూ నింపలేదు. నీ జవాబులో ఆ ఖాళీని గుర్తించి, ఆ మౌనం మాక్బెత్‌దా, దూతదా అన్నది నీ చెవిని బట్టి రాయి.

నాన్న