ఆరు వారాల పథ్యం ఎనిమిది నెలలైతే

చిన్నీ,

ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నానమ్మా అంటావు, మెసేజ్ పెడితే ఒక బొటనవేలి బొమ్మ పంపి ఊరుకుంటావు, అందుకని ఇలా రాస్తున్నాను, తీరికగా చదువుకో. ఇక్కడంతా బాగానే ఉంది. నాన్న మోకాలికి కొత్త తైలం వచ్చింది, పని చేస్తోందని ఆయన అంటారు, మెట్లెక్కేటప్పుడు మాత్రం ఇదివరకటిలాగే మూలుగుతారు. మేడ మీదవాళ్లు వచ్చే నెల ఖాళీ చేస్తారట. వానలకి వంటింటి గోడ మళ్లీ చెమ్మగిల్లింది.

హైమ అత్తయ్య సీను గృహప్రవేశం నుంచి వచ్చింది. భోజనాలు బ్రహ్మాండమట, గుత్తివంకాయ అదిరిపోయిందట. పక్కనే కూర్చున్న నువ్వు మాత్రం తెల్లన్నంలో నెయ్యీ ఉప్పూ కలుపుకుని, రెండు బంగాళాదుంప ముక్కలు నంజుకుని లేచిపోయావట. "పిల్ల సగమైపోయింది వదినా" అని మూడుసార్లు చెప్పింది. ఆవిడ దేన్నైనా పెంచే చెబుతుంది, నాకు తెలుసు. అందుకే నిన్నే అడుగుతున్నాను, సంక్రాంతికి మొదలుపెట్టిన ఆ లో ఫాడ్‌మ్యాప్ పథ్యం ఇంకా నడుస్తోందా? వినాయక చవితి వచ్చేస్తోందే!

తిట్టడానికి రాయడం లేదు. నీ కడుపునొప్పి ఉత్తిదని నేనెప్పుడూ అనలేదు. ఐబీఎస్ అంటే పరీక్షలన్నీ నార్మల్‌గా వచ్చినా మనిషికి నరకం కనిపించే జబ్బని, ఆసుపత్రి డైట్ సెక్షన్‌లో పనిచేసినన్నాళ్లూ చూశాను. పేగులో పుండు ఉండదు, కానీ పేగుకీ మెదడుకీ మధ్య కబురు మోసే నరాలు మరీ సున్నితంగా తయారవుతాయి. ఎదుటివాడికి తెలియను కూడా తెలియని గ్యాస్ నీకు మెలిపెట్టినట్టుంటుంది.

ఆ పథ్యం చేసేది కూడా ఇక్కడే. కొన్ని పిండిపదార్థాలు చిన్నపేగులో సరిగ్గా ఇంకవు. అవి నీళ్లని లోపలికి లాక్కుంటాయి, మిగిలింది పెద్దపేగుకి చేరాక అక్కడి బాక్టీరియా పులియబెట్టి గ్యాస్ చేస్తుంది. పేగు సాగుతుంది, సున్నితమైన నరాలు కేకపెడతాయి. ఇలాంటి పిండిపదార్థాలని ఒకచోట చేర్చి ఫాడ్‌మ్యాప్ అని పేరు పెట్టింది మెల్‌బోర్న్ మోనాష్ యూనివర్సిటీ వాళ్లు, 2005లో. ఉల్లి, వెల్లుల్లి, గోధుమల్లో ఉండే ఫ్రక్టాన్లు ఒక జట్టు. పప్పులు, శనగలు, రాజ్మాలో ఉండేవి ఇంకో జట్టు. పాలలో లాక్టోజ్. మామిడిపండు, తేనెలో ఎక్కువయ్యే ఫ్రక్టోజ్. పుట్టగొడుగుల్లో, షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్‌లో ఉండే పాలియాల్స్. వీటిలో నీకు పడనిది ఏదో మొదట తెలియదు కాబట్టే అన్నిటినీ ఒకేసారి ఆపుతారు. రెండు నుంచి ఆరు వారాలు, అంతే. తెలుసుకోవడానికి ఆపుతారు తల్లీ, బతకడానికి కాదు.

మన సుజాత పిన్ని సంగతి నీకు పూర్తిగా తెలియదు, అప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు. రోజూ సాయంత్రమయ్యేసరికి పొట్ట డోలులా ఉబ్బేది, పొద్దున ఆఫీసుకి బయల్దేరేలోపు బాత్రూంకి మూడుసార్లు పరుగు. డాక్టరు ముందు రక్తం, మలం పరీక్షలు, గోధుమ వల్ల పేగు దెబ్బతినే సీలియాక్ జబ్బు పరీక్ష చేయించాడు. సీలియాక్ పరీక్ష గోధుమ తింటూ ఉండగానే చేయించాలి, మానేశాక చేయిస్తే జబ్బున్నా లేదనే రావచ్చు. (నువ్వు చేయించావా? ఎప్పుడు?) అన్నీ బాగున్నాయని తేలాక నా దగ్గరికి వచ్చింది. అప్పటికే ఎవరో చెబితే గోధుమ మానేసి జొన్నరొట్టెలకి దిగింది, అయినా గుణం లేదు. చూస్తే ఏముంది, రొట్టెలోకి చేసుకునే కూరలో రెండు ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి ముద్ద!

మొదటి విడత తనకి కష్టం అనిపించలేదు. అన్నం ఉండనే ఉంది, వంకాయ, క్యారెట్, బంగాళాదుంప, గుడ్డు, చేప, వేరుశనగ, బొప్పాయి, కమలాపండు ఉన్నాయి. ఉల్లి లేకుండా రుచెలా అని ఏడ్చింది కానీ, దానికీ దారుంది. ఫ్రక్టాన్లు నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. కాబట్టి వెల్లుల్లి రెబ్బలు నూనెలో వేయించి, వేరే ఏదీ వేయకముందే రెబ్బలన్నీ తీసేస్తే, ఆ నూనెలో వాసన ఉంటుంది, ఇబ్బంది ఉండదు. పులుసులో వేసి ఉడికాక ముక్కలు ఏరేస్తే మాత్రం లాభం లేదు, అప్పటికే అది నీళ్లలోకి దిగిపోయి ఉంటుంది. ఉల్లికాడల్లో పచ్చభాగం వాడుకోవచ్చు, ఇంగువ చిటికెడు సరేసరి. ఆ వెల్లుల్లి నూనె ఏ పూటకాపూట చేసుకో, సీసాలో పోసి బయట పెట్టకు, అది ప్రమాదం.

ఇంకో సంగతి పిన్నికి ఎవరూ చెప్పలేదు. పప్పులో ఉండేదీ నీళ్లలో కరిగేదే. నానబెట్టిన నీళ్లు, ఉడికించిన నీళ్లు పారబోస్తే చాలావరకు తగ్గుతుంది. మనమేమో ఆ ఉడికిన నీళ్లనే పప్పుకట్టు అని చారు పెట్టుకుంటాం. తను పప్పు మానేశానని గొప్పగా చెబుతూ రోజూ కట్టుచారు రెండు గిన్నెలు తాగేది. ఆ పాశ్చాత్య జాబితాల్లో మన కట్టుచారు ఎక్కడ ఉంటుంది చెప్పు, అందుకే వాటిని పట్టుకుని మన వంట చేయబోతే ఇలాంటివే జరుగుతాయి.

నాలుగో వారానికి ఉబ్బరం బాగా తగ్గింది. అప్పుడే అసలు గొడవ మొదలైంది. ఇక మళ్లీ ఏమీ ముట్టుకోను, ఇలాగే హాయిగా ఉందంది. సరిగ్గా నువ్వు ఇప్పుడున్నచోటే. నేను ఊరుకోలేదు. మిగతా పథ్యం అలాగే ఉంచి, ఒక్కో జట్టు నుంచి ఒక్కటే తెచ్చి మూడు రోజులు పెంచుకుంటూ పెట్టాం. పాలు మొదటిరోజు పావు కప్పు, రెండోరోజు అర, మూడోరోజు కప్పు. ఏమీ కాలేదు. రెండు మూడు రోజులు ఖాళీ వదిలి చపాతీ, ఒకటి, ఒకటిన్నర, రెండు. దానికీ ఏమీ కాలేదు, ఇన్నాళ్లూ గోధుమని ఊరికే ఆడిపోసుకుంది పాపం. వెల్లుల్లి అర రెబ్బ దాకా సరే, రెబ్బకి కొంచెం గుడగుడ. ఉల్లిపాయ రెండోరోజు సాయంత్రానికి పొట్ట మళ్లీ మొదటికొచ్చింది, అక్కడితో ఆపేశాం. గోధుమ, ఉల్లి ఒకే జట్టైనా విడివిడిగా చూడమనేది ఇందుకే. కందిపప్పు చిన్న గిన్నెడు పడింది, దాని మీద సాంబారు కూడా అయితే పడలేదు. ఒక్కొక్కటి కొంచెమే అయినా ఒకే పూట అన్నీ కలిస్తే ఎక్కువవుతాయి.

తర్వాత ఒకసారి పాలు మళ్లీ తాగితే నొప్పి వచ్చిందని గగ్గోలు పెట్టింది. ఆరా తీస్తే ఆ రోజు ఆవకాయ ఎక్కువైంది, నెలసరి దగ్గర్లో ఉంది, ఆఫీసులో ఆడిట్. కారం, కాఫీ, టెన్షన్ ఫాడ్‌మ్యాప్‌లు కాకపోయినా నొప్పి తెప్పిస్తాయి, అలాంటి రోజున పరీక్ష పెట్టకూడదు. వారం ఆగి మళ్లీ చూస్తే పాలు బాగానే పడ్డాయి. ఇప్పుడు తను మానేసింది ఉల్లిపాయ ఒక్కటే, అదీ ఇంట్లోనే. పెళ్లిళ్లలో కాస్త తింటుంది, మర్నాడు కాస్త ఉబ్బుతుంది, ఏడవదు.

అలర్జీ అయితే వేరు, ముట్టుకుంటేనే కీడు. ఇది అలర్జీ కాదు. ఉల్లిపాయ తింటే నొప్పి రావచ్చు కానీ పేగుకి ఏ దెబ్బా తగలదు, అందుకని భయపడి జన్మంతా కూర్చోనక్కర్లేదు. పైగా నువ్వు ఆపేసినవే పెద్దపేగులో మంచి బాక్టీరియాకి తిండి. అవి దొరక్కపోతే కొద్ది వారాల్లోనే బిఫిడో అనే ఆ మంచి బాక్టీరియా రకాలు తగ్గిపోతాయని పరిశోధనల్లో చూశారు. పాలు, పెరుగు మానేసి వాటి బదులు ఏమీ తినకపోతే కాల్షియం తగ్గుతుంది. గోధుమ, పప్పు, పళ్లు పోతే పీచు పోతుంది, పీచు పోతే మలబద్ధకం, మళ్లీ పొట్ట నొప్పి, అదీ ఉల్లిపాయ వల్లే అనుకుంటావు. ఆపేసినవాటి జాబితా నెలనెలా పెరుగుతూ ఉంటే అది వైద్యం కాదు, భయం. నీ జాబితా పెరిగిందా? అత్తయ్య వంకాయ కూడా ముట్టలేదంది. వంకాయ మొదటినుంచీ తినదగ్గదే కదే, అందులో ఉల్లిపాయ ముద్ద ఉందని వదిలేశావా? అలాగైతే సరే.

ఒకటి మాత్రం నిజం చెప్పు. ఈ ఎనిమిది నెలల్లో నీకసలు తగ్గిందా? తగ్గకపోతే కొనసాగించే పనే లేదు, ఇది అందరికీ పనిచేయదు, ఆరు వారాలకి మార్పు లేకపోతే వదిలేసి డాక్టరుతో వేరే మార్గం చూడాలి. మలంలో రక్తం, రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి, జ్వరం, ఊరికే బరువు తగ్గడం, ఇవేమైనా ఉంటే ఆ కథ వేరు, అప్పుడు పథ్యం మాట తర్వాత, ముందు గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి వెళ్లాలి. బరువు ఎంత ఉన్నావో చూసి రాయి. ఉజ్జాయింపుగా చెప్పకు, కాటా మీద నిలబడి చెప్పు.

నాన్న ఇప్పుడే వచ్చి ఎవరికి రాస్తున్నావన్నారు, నీకని చెబితే "ఉల్లిపాయ గురించేనా" అని నవ్వుకుంటూ పోయారు. ఆయనకేం తెలుసు.

సోమవారం పాలతో మొదలుపెట్టు. నెలసరి దగ్గర్లో ఉంటే వచ్చే సోమవారం. పావు కప్పు, ఆ రోజు కాఫీ కారం మామూలుగానే ఉంచు, తగ్గించకు పెంచకు. ఏం తిన్నావో, ఎంతసేపటికి ఏమైందో ఫోన్‌లో రాసుకో, గుర్తుంటుందిలే అనుకోకు. పాలు అయ్యాక పప్పు, ఆ తర్వాత గోధుమ, ఉల్లి చివర్న. కొంచెం పడలేదనిపిస్తే ఆపి, సర్దుకున్నాక తక్కువతో మళ్లీ చూడు. ఇప్పుడు పడనిది కొన్ని నెలలయ్యాక పడొచ్చు, జాబితా మీద ఎప్పటికీ అని రాసేయకు. నీకు దగ్గర్లో మంచి డైటీషియన్ ఉంటే ఇంకా మంచిది, అమ్మ చెబితే నీకు చాదస్తంలా ఉంటుంది కదా.

చవితికి వస్తావు కాబట్టి ముందే అడుగుతున్నాను. ఉండ్రాళ్లలోకి శనగపప్పు తగ్గించి వేస్తాను, నీకు వేరే గిన్నెలో అసలు లేకుండా చేయనా? పులిహోరలో శనగపప్పు, జీడిపప్పు తీసేసి వేరుశనగలే వేస్తాను. వంకాయ కూరకి వెల్లుల్లి నూనె కాచుకుంటాను. నువ్వు బస్సెక్కే ముందు ఫోన్ చెయ్యి, మీటింగ్‌లో ఉన్నా సరే.

అమ్మ