జనసాంద్రత పట్టికలో ఇంకో కాలమ్ చేర్చండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

జనసాంద్రత అనగానే జనాభాను దేశ విస్తీర్ణంతో భాగించమని బడిలో నేర్పిస్తాం. భాగహారంలో తప్పేమీ లేదు. కానీ మనుషులు ఉండలేని నేల ఎక్కువగా ఉన్న దేశాల విషయంలో ఆ జవాబు పిల్లల్ని తప్పుదోవ పట్టిస్తుంది. ఈజిప్టునే చూడండి.

2017 జనగణనలో ఈజిప్టు జనాభా సుమారు 9.48 కోట్లు. విస్తీర్ణం దాదాపు 10 లక్షల చదరపు కిలోమీటర్లు. అంటే చదరపు కిలోమీటరుకు 95 మంది, ఫ్రాన్స్ కంటే తక్కువ. ఇది చదివిన పిల్లలు అక్కడ కావలసినంత చోటుందని అనుకుంటారు. ఉన్న చోటులో చాలా భాగం ఎడారి. నూటికి 95 మంది నైలు లోయలో, డెల్టాలో, దేశంలోని 5 శాతం నేల మీదే బతుకుతున్నారని సాధారణంగా చెబుతారు. ఆ 9 కోట్ల మందిని 50 వేల చదరపు కిలోమీటర్లతో భాగిస్తే 1,800 వస్తుంది. నీళ్లున్న ఆ కాస్త నేలలోనే పంటా పండాలి, ఇళ్లూ కట్టుకోవాలి. అక్కడ సాగుభూమి ఇళ్ల కింద ఎందుకు పోతోందో 1,800 చూస్తే అర్థమవుతుంది, 95 చూస్తే కాదు.

సగటు ఎంత నమ్మదగినదో తేల్చే పరీక్ష కూడా పిల్లలకు నేర్పించవచ్చు. దేశంలో అన్నిటికన్నా పెద్ద రాష్ట్రాన్ని తీసేసి మళ్లీ భాగించాలి. ఈజిప్టులో అది న్యూ వ్యాలీ. విస్తీర్ణం దాదాపు 4.4 లక్షల చదరపు కిలోమీటర్లు, జనం మాత్రం 2.4 లక్షలే. దాన్ని పక్కన పెడితే దేశ సగటు 95 నుంచి సుమారు 168కి ఎగబాకుతుంది. ఒక్క మనిషి కూడా ఇల్లు మారలేదు, అంకె మాత్రం ముప్పావు వంతు పెరిగింది. ఆ న్యూ వ్యాలీలోనూ జనం ఖార్గా, దాఖ్లా లాంటి ఒయాసిస్సుల దగ్గరే గుమిగూడి ఉంటారు కాబట్టి, రాష్ట్రాలవారీ సగటు ఇచ్చినా సమస్య పూర్తిగా తీరదు.

నివాసయోగ్యమైన నేలతో భాగించడంలోనూ ఒక చిక్కుంది. దేన్ని నివాసయోగ్యం అనాలి? ఎడారిలో కట్టిన కొత్త పట్టణాన్ని కలపాలా? కొత్తగా నీరు పారించిన పొలాన్ని? ఈజిప్టులో జనం వాడుతున్న నేలను 8 శాతం దాకా లెక్కేసేవాళ్లూ ఉన్నారు. అలా చూస్తే సాంద్రత 1,200 దగ్గర ఆగుతుంది. తేడా పెద్దదే. అయినా 1,200కీ 1,800కీ మధ్య వాదించుకోవడం, 95 దగ్గర ఆగిపోవడం కన్నా ఎంతో మేలని నా గట్టి నమ్మకం.

కాబట్టి పాత లెక్కను తీసేయమని అడగడం లేదు. పాఠ్యపుస్తకంలోని పట్టికలో దాని పక్కనే నివాసిత నేల మీది సాంద్రతను కూడా ఇవ్వండి. ఏ నేలను వదిలేసి లెక్కించారో కింద ఒక వాక్యంలో రాయించండి. న్యూ వ్యాలీ లెక్కను అభ్యాసంగా చేర్చండి. అందులో ఉన్నవి రెండు తీసివేతలు, ఒక భాగహారం. ఎనిమిదో తరగతి పిల్లలు సులువుగా చేయగలరు.

ఇట్లు,
ఒక భూగోళశాస్త్ర ఉపాధ్యాయుడు