మిర్చి డ్రైయర్ ఆగిపోయింది, పిల్లలు జ్యూరీకి ఏం చెప్పారంటే

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన శనివారం పదకొండో తరగతి ఇంజనీరింగ్ పిల్లలు ఫైనల్ ప్రాజెక్టులను జ్యూరీ ముందు పెట్టారు. ఈ నెల ఉత్తరమంతా అందులో ఒక్క టీమ్ గురించే రాస్తున్నాను. ముందు రోజు ఆ టీమ్‌లోని ఒకబ్బాయి నాన్నగారు ఫోన్ చేసి, "మేడమ్, సగం పాడైన మెషీన్‌ని పెద్దవాళ్ల ముందు పెడితే పిల్లల పరువు పోతుంది, నాకు తెలిసిన షాపులో బాగు చేయించి తెస్తాను" అన్నారు. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో అందరికీ చెప్పాలి.

వాళ్లు చేసింది మిర్చి ఆరబెట్టే పెట్టె. గుంటూరు వాళ్లకి కళ్లంలో కాయ ఎన్ని రోజులు ఎండాలో, మధ్యలో ఒక్క వాన పడితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. సోలార్ గాజు కింద వేడెక్కిన గాలిని చిన్న ఫ్యాన్ ట్రేల మీదుగా పంపుతుంది, లోపల వేడి 55 డిగ్రీల దాకా వస్తుంది. ఆ భాగం బాగానే పని చేసింది. చెడింది ఆటోమేటిక్‌గా ఆగే ఏర్పాటు. ట్రే కింద లోడ్ సెల్, అంటే బరువు కొలిచే సెన్సార్ పెట్టారు. లెక్క సులువే. 75 శాతం తేమ ఉన్న 5 కిలోల పండు కాయలో నీళ్లు తీసేస్తే మిగిలేది 1.25 కిలోలు, 10 శాతం తేమకి రావాలంటే ట్రే మీద 1.39 కిలోలు ఉన్నప్పుడు ఫ్యాన్ ఆగాలి. స్క్రీన్ మీద 1.39 రాగానే ఆగింది కూడా. కానీ కాయ మెత్తగానే ఉంది. బయట కాటా మీద పెడితే 1.51 కిలోలు. అంటే తేమ ఇంకా 17 శాతం, ఆ కాయని బస్తా కడితే బూజు పట్టేస్తుంది.

జ్యూరీలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ సార్, యార్డులో వ్యాపారం చేసే ఒక పెద్దాయన కూర్చున్నారు. సార్ మొదటి ప్రశ్నే "తేమ సెన్సార్ పెట్టకుండా బరువెందుకు తూచారు?" ఒకమ్మాయి చెప్పింది: బయటికొచ్చే గాలిలో తేమ పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా ఉంటుంది సార్, అది వాతావరణాన్ని బట్టి కూడా మారిపోతుంది, బరువైతే కాయలోంచి ఎంత నీళ్లు పోయాయో నేరుగా చెబుతుంది. ఆ నిర్ణయం ఇప్పటికీ సరైనదేనని కూడా అంది. మెషీన్ ఫెయిలైంది కదా అని అన్ని నిర్ణయాలకీ సారీ చెప్పేయలేదు, నాకు అది చాలా నచ్చింది.

తర్వాతి ప్రశ్న గట్టిది. "మరి సెల్‌ని వేడి పెట్టె లోపలెందుకు పెట్టారు?" రిహార్సల్‌లో ఇదే ప్రశ్నకి వాళ్లు "చీప్ సెన్సార్ సార్, అందుకే" అన్నారు. అది తప్పు జవాబు. ఆ సెన్సార్ కాగితంలోనే 40 డిగ్రీల దాకే సరిగా చూపిస్తుందని రాసి ఉంది, 55లో పెట్టింది మనం. శనివారం మాత్రం ఆ అబ్బాయి ఉన్నదున్నట్టు చెప్పాడు. బయట పెడితే తీగ కోసం పెట్టెకి రంధ్రం చేయాలి, వేడి గాలి కారిపోతుందని లోపల పెట్టాం, వేడిలో సెల్‌ని ఒక్కసారి కూడా పరీక్షించలేదు, అది మా తప్పు.

కారణం వేడే అని ఎలా తేల్చారు? ఖాళీ ట్రేతో ఒక రోజంతా నడిపారు. పొద్దున సున్నా, మధ్యాహ్నం మైనస్ 120 గ్రాములు, సాయంత్రం చల్లబడ్డాక మళ్లీ సున్నా దగ్గరికే. సెల్ చెడిపోయి ఉంటే వెనక్కి రాదు కదా. వేడిని బట్టి ప్రోగ్రామ్‌లోనే సరిదిద్దొచ్చుగా అని సార్ అడిగితే, అదీ చేసి చూశామన్నారు. సెల్ లోహం గాలి కంటే ఆలస్యంగా వేడెక్కి ఆలస్యంగా చల్లారుతుంది, అందుకని గాలి 45 డిగ్రీలున్నప్పుడు పొద్దున ఒక తేడా, సాయంత్రం ఇంకో తేడా వచ్చిందట. ఆ రెండు అంకెలూ నోట్‌బుక్‌లో తేదీతో సహా చూపించారు. సార్ ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగారు.

వ్యాపారి పెద్దాయన ఇవేమీ అడగలేదు. ఒక కాయ తీసి చెవి దగ్గర ఊపి, "గింజ గలగలలాడట్లేదు, దీన్ని నేను కొనను" అన్నారు. "కొనకూడదండీ, ఇంకా ఆరాలి" అంది అమ్మాయి వెంటనే.

ఇదంతా షాపులో బాగు చేయించి ఉంటే, ఆ ప్రశ్నలకి జవాబు చెప్పాల్సింది ఆ షాపతను. వచ్చే శనివారం రెండో బ్యాచ్ ఉంది. దయచేసి పిల్లలకి జవాబులు రాసిపెట్టకండి. రాత్రి అన్నం తినేటప్పుడు "ఇది ఇక్కడే ఎందుకు పెట్టావు, వేరేలా ఎందుకు చేయలేదు" అని అడగండి చాలు, తడబడితే తడబడనీయండి.

డ్రైయర్ టీమ్ ఇప్పుడు సెల్‌ని పెట్టె పైన బయట బిగించి, ట్రేని సన్నటి తీగతో వేలాడదీస్తోంది. ముందు ఖాళీ ట్రేతో ఒక రోజు, ఆ తర్వాతే కాయతో. మీలో ఎవరికైనా తోట ఉంటే ఒక 5 కిలోల పండు మిర్చి పంపించండి, వాళ్ల దగ్గరున్న కాయ అయిపోయింది.

మీ ప్రిన్సిపాల్