తమ్ముడికి, మన ఇంటి వైఫై గురించి

ఒరే చిన్నోడా,

అమ్మ మోకాళ్ల నొప్పి ఎట్లుంది, మందులు టయానికి వేసుకుంటాందా? నిన్న నువ్వు ఫోన్లో చెప్పినదాన్ని బట్టి రౌటర్ చెడిపోలేదు లే, దేవుని కడప తేరుకి వచ్చిన పిలకాయల్లో ఎవరో దాని పేజీలోకి పోయి వైఫై పేరు మార్చేసినారు. మన వైఫైలో ఉన్న ఎవరైనా బ్రౌజర్‌లో 192.168.1.1 కొడితే లాగిన్ పేజీ వచ్చేస్తాది, అక్కడ కొట్టాల్సిన పేరూ పాస్‌వర్డూ డబ్బా కింద స్టిక్కర్ మీదే ఉండాయి, ఇంగ తాళం ఎక్కడుంది చెప్పు.

నేనిక్కడ కువైట్‌లో ఫ్లాట్లకి ఇదే పని చేస్తాండా కాబట్టి చెప్పినట్టు చెయ్. ముందు లాగిన్ పాస్‌వర్డ్ మార్చు, ఇది వైఫై పాస్‌వర్డ్ కాదు, వేరే. మన ఫైబర్ డబ్బాకి admin అని ఒకటి, user అని ఒకటి రెండు లాగిన్లు ఉండాయి, user తో పోతే తక్కువ పేజీలే కనపడతాయి గానీ వైఫై పేరు మార్చేది అందులో కూడా ఉంటాది, అందుకే రెండూ మార్చాల. admin ది డైరీలో రాసి బీరువాలో పెట్టు, user ది నీ దగ్గరే పెట్టుకో.

తర్వాత గెస్ట్ నెట్‌వర్క్, అంటే వచ్చినోళ్ల కోసం అదే డబ్బాలో వేరేగా పెట్టే వైఫై. ఇక్కడే అందరూ కష్టపడేది, కొత్త పాస్‌వర్డ్ పెట్టి వచ్చినోళ్లందరికీ మళ్లీ చెప్పుకుంటా కూర్చుంటారు. నువ్వు తిరగేసి చెయ్. మన మెయిన్ వైఫైకి కొత్త పేరు, కొత్త పాస్‌వర్డ్ పెట్టు, అందరికీ తెలిసిన ఆ పాత పేరూ పాత పాస్‌వర్డూ గెస్ట్‌కి ఇచ్చేయ్. అప్పుడు ప్రొద్దుటూరు పిన్నోళ్ల ఫోన్లు, మేడమీద బాడుగోళ్ల ఫోన్లు అడగకుండానే గెస్ట్‌లోకి పోతాయి. కాకపోతే మన టీవీ, గేటు కెమెరా కూడా దాంట్లోకే పోతాయి, వాటినీ నాయన ఫోన్నీ నీ ఫోన్నీ నువ్వే కొత్తదాంట్లోకి మార్చుకోవాల. గెస్ట్‌లో ఉన్నోళ్లు మన టీవీ మీద ఫోన్లో బొమ్మ వేయలేరు, మామ అడిగితే అది చెడిపోలేదని చెప్పు.

అయిపోయినాక పరీక్ష తప్పకుండా చెయ్. మొబైల్ డేటా ఆపేసి, నీ ఫోన్ గెస్ట్‌లో పెట్టి 192.168.1.1 కొట్టు, లాగిన్ పేజీ రాకూడదు. కెమెరా యాప్ తెరుచుకుందని భయపడొద్దు, అది బయటి సర్వర్ మీద నుంచి వస్తాది, కువైట్‌లో నాకూ వస్తాది కదా. లాగిన్ పేజీ వచ్చిందంటే మాత్రం అది నిజం గెస్ట్ కాదు, SSID2 అని ఇంకో పేరు పెట్టినారంతే, చాలా డబ్బాల్లో ఇట్లే ఉంటాది. అప్పుడు పిలకాయలకి అడ్డం ఉండేది ఆ లాగిన్ పాస్‌వర్డ్ ఒక్కటే, గట్టిది పెట్టు.

డబ్బా వెనక రీసెట్ బొక్కలో పిన్ను గుచ్చి పట్టుకుంటే పెట్టినవన్నీ పోయి మళ్లీ స్టిక్కర్ పాస్‌వర్డే వస్తాది, నెట్ సెట్టింగులు కూడా పోతే కనెక్షనోళ్లు వచ్చి వేసిందాకా నెట్ ఉండదు. కాబట్టి డబ్బాని హాల్లోంచి తీసి పిలకాయలకి అందకుండా పైన బిగించమని చెప్పు.

పరీక్ష చేసినప్పటి స్క్రీన్‌షాట్ పంపు, చూసి చెప్తా.

మీ అన్న