కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేర్: మార్కులు ఎలా వేశాం, ఎక్కడ తప్పాం

"ఏమండీ, తక్కువలో వచ్చేది ఉండగా లక్షా ఇరవై వేలది ఎందుకు తీసుకున్నారు? ఆ ఖర్చు చివరికి మా బిల్లుల్లోనే వేస్తారా?"

వెయ్యం. మందుల రేట్లు, స్కీములు ఇప్పుడున్నట్టే ఉంటాయి. ఎందుకు తీసుకున్నామన్నది మాత్రం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా మొదటి లెక్కలో గెలిచింది ఆ తక్కువ ధరదే.

పాత సాఫ్ట్‌వేర్‌తో మీరు పడ్డ ఇబ్బంది నాకు తెలుసు. ఎక్స్‌పైరీ సరుకు మాకు పంపించి, క్రెడిట్ నోట్ కోసం రెండేసి నెలలు ఎదురుచూసిన మెడికల్ షాపులు ఉన్నాయి. అందుకే మార్చాలనుకున్నాం. మూడు కంపెనీలు మిగిలాయి, వాటిని ఎ, బి, సి అంటాను. నేను, అకౌంట్స్ చూసే అమ్మాయి, గోడౌన్ చూసే పెద్దాయన కూర్చుని ఐదు అంశాలు రాసుకున్నాం. ఏది ఎంత ముఖ్యమో మొత్తం 100 అయ్యేలా వెయిటేజీ ఇచ్చాం. ఈ పని డెమోలకు పిలవకముందే చేశాం. డెమో చూశాక చేస్తే, మనసుకు నచ్చిన కంపెనీ గెలిచేలా వెయిటేజీలు వాటంతట అవే జరిగిపోతాయి. డెమోలయ్యాక ఒక్కో అంశానికి 5కి మార్కులు వేశాం.

| అంశం | వెయిటేజీ | ఎ | బి | సి |
|---|---|---|---|---|
| బ్యాచ్, ఎక్స్‌పైరీ, రిటర్న్ లెక్క | 30 | 3 | 5 | 3 |
| ధర | 25 | 5 | 2 | 3 |
| సపోర్ట్ | 20 | 3 | 4 | 4 |
| నెట్ లేకపోయినా బిల్లు కొట్టగలగడం | 15 | 4 | 4 | 2 |
| మీ ఫోన్‌లో బిల్లు, బాకీ కనిపించడం | 10 | 4 | 3 | 5 |

ప్రతి మార్కునీ దాని వెయిటేజీతో గుణించి కూడితే 500కి ఎ-కి 375, బి-కి 370, సి-కి 325 వచ్చాయి. ఎ గెలిచింది. ఆ సాయంత్రమే అడ్వాన్స్ పంపేద్దామనుకున్నాను.

ఆపింది అకౌంట్స్ అమ్మాయి. "సార్, 500లో 5 మార్కులే తేడా. ధరకి 25 అని మనం ఎందుకు వేశాం, 20 ఎందుకు వెయ్యలేదు?" అంది. నా దగ్గర జవాబు లేదు. అది ముగ్గురం మాట్లాడుకుంటూ వేసిన అంకె, అంతే.

అందుకని ఒక్కో వెయిటేజీనీ విడిగా కదిపి చూశాం. షీటులో వెయిటేజీలు రెండో వరసలో, కంపెనీల మార్కులు దాని కింది వరసల్లో పెడితే ఈ ఒక్క ఫార్ములా చాలు:

```
=SUMPRODUCT($B$2:$F$2,B3:F3)
```

వెయిటేజీల మొత్తం 100 దాటినా, తగ్గినా ఫరవాలేదు. మొత్తం మార్కులు మారతాయి గానీ వరస తప్పుగా రాదు.

ధరని 25 నుంచి 23కి దించగానే బి ముందుకొచ్చింది. రిటర్న్ లెక్కని 30 నుంచి 33 చేసినా బి-నే. సపోర్ట్‌ని 20 నుంచి 26 చేసినా అంతే. అంటే మా నిర్ణయం రెండు మూడు పాయింట్ల మీద నిలబడి ఉంది. మనుషులు అంచనాగా వేసే వెయిటేజీల్లో ఆ మాత్రం తేడా ఎప్పుడూ ఉంటుంది. నెట్ లేకుండా పనిచేయడం అనేదాన్ని ఎంత పెంచినా ఎ, బి-ల మధ్య తేడా అలాగే ఉంది, ఎందుకంటే ఇద్దరికీ 4 మార్కులే. దాని గురించి మేము గంటసేపు వాదించుకున్నాం, ఆ వాదనతో తేలేది ఏమీ లేదన్నమాట. సి సంగతి వేరు. అది మొదటికి రావాలంటే ఫోన్ అంశం వెయిటేజీ 10 నుంచి 60 దాటాలి. మాలో ఎవరూ అంత ఇవ్వరు కాబట్టి సి-ని అక్కడితో వదిలేశాం.

ఇక తేలాల్సింది ఎ, బి-ల మధ్యే. ఇంత దగ్గరగా ఉన్నప్పుడు వెయిటేజీలు ఇంకా సవరిస్తూ కూర్చుంటే ప్రయోజనం లేదు, మార్కులే సరిగ్గా వేశామా అని చూడాలి. ఎక్కువ తేడా ఉన్న రెండు వరసలు తీశాం, ధర, రిటర్న్ లెక్క.

ధర మార్కుల్లో తప్పు నాదే. చవకదానికి 5, మధ్యదానికి 3, ఖరీదైనదానికి 2 అని వరస చూసి వేశాను. అసలు ఖర్చు చూడలేదు. మూడేళ్లకి లైసెన్స్, ఏటా రెన్యువల్, పాత డేటా ఎక్కించడం, శిక్షణ అన్నీ కలిపితే ఎ 72,000, సి 90,000, బి 1,20,000. 72,000ని 1,20,000తో భాగించి 5తో గుణిస్తే బి-కి 3 రావాలి, అదే లెక్కన సి-కి 4. అలా సరిచేస్తే బి 395, ఎ 375, సి 350. ఇప్పుడు ధర వెయిటేజీ 35 దాటితే తప్ప ఎ గెలవదు. 25 నుంచి 35కి చాలా దూరం ఉంది. చవకదానికి 5, అన్నిటికన్నా ఖరీదైనదానికి 1 అని వేసే పద్ధతి కూడా ఉంది. అలా వేస్తే బి 345కి పడిపోయి ఎ గెలుస్తుంది. అది వద్దనుకున్నాం. తేడా 48 వేలైనా, 4 వేలైనా ఆ పద్ధతిలో ఖరీదైనదానికి 1 మార్కే వస్తుంది.

రిటర్న్ లెక్కలో బి-కి వేసిన 5 నిజంగా 5నా? అది 4 అయితే బి 365కి దిగి మళ్లీ ఎ గెలుస్తుంది. అందుకే ట్రయల్ కాపీల్లో మీ దగ్గర నుంచి వచ్చిన ఒక నెల రిటర్న్‌లు ఎక్కించి చూశాం. ఒక్క బిల్లు చెబుతాను. 10+1 స్కీములో స్ట్రిప్పు 100 రూపాయల చొప్పున ఒక షాపు 11 స్ట్రిప్పులు తీసుకుంది, కట్టింది 1,000. అందులో 4 ఎక్స్‌పైరీకి వచ్చాయి. మనం అనుకున్న పద్ధతిలో స్ట్రిప్పు 90.91, కాబట్టి క్రెడిట్ 363.64 రావాలి. ఎ 400 వేసింది. బి బ్యాచ్ నంబర్ కొట్టగానే పాత బిల్లు తీసి 363.64 వేసింది. ఎ తీసుకుంటే ఇలాంటివన్నీ మా అమ్మాయి చేత్తో సరిచేయాలి. పాత సాఫ్ట్‌వేర్‌లో మీ క్రెడిట్ నోట్లు ఆగిపోయింది సరిగ్గా ఆ చేత్తో సరిచేసే పని దగ్గరే. ఆ నెల మొత్తంలో బి ఎక్కడా తప్పలేదు, 5 అలాగే ఉంచాం.

బి-లో లోటు కూడా ఉంది. ఫోన్‌లో స్టాక్ చూసి ఆర్డర్ పెట్టే యాప్ కావాలని మీలో చాలామంది అడిగారు. అది సి-లోనే బాగుంది. బి-లో బిల్లు, బాకీ స్టేట్‌మెంట్ వాట్సాప్‌లో వస్తాయి, ఆర్డర్ మాత్రం ఇప్పటిలాగే ఫోన్ చేసి చెప్పాలి. ఈ విషయంలో మిమ్మల్ని నిరాశపరుస్తున్నానని తెలిసే ఈ నిర్ణయం తీసుకున్నాను.

28వ తేదీ నుంచి కొత్త బిల్లులు వస్తాయి. ఆ ముందు వారంలో మీ బాకీ అంకె వాట్సాప్‌లో పంపిస్తాం. మీ పుస్తకంతో సరిపోల్చి, తేడా ఉంటే 26 లోపు చెప్పండి. పెండింగ్‌లో ఉన్న ఎక్స్‌పైరీ సరుకు లిస్టు బ్యాచ్ నంబర్లతో పంపితే, మొదటి వారంలోనే ఆ క్రెడిట్ నోట్లు కొట్టిస్తాను.