మందు రాసే ముందు బడిని కూడా అడగండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నేను కర్నూలు జిల్లా ఆదోని దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. మా బడిలో ఇద్దరు పిల్లల గురించి మీకు చెప్పాలి.

మూడో తరగతి బాబు తెలుగు పీరియడ్‌లో పది నిమిషాలు కుదురుగా కూర్చోడు. లేస్తాడు, పక్కవాణ్ణి గిల్లుతాడు, కిటికీ దగ్గరికి పోతాడు. వాళ్ళ నాన్న టౌన్‌లో ఒక క్లినిక్‌కు తీసుకెళ్తే పావుగంటలో ఏడీహెచ్‌డీ, అంటే పరధ్యానం, అతిచురుకుదనం సమస్య అని తేల్చి, దానికిచ్చే మిథైల్‌ఫెనిడేట్ మాత్రలు రాశారు. బడిలో ఎలా ఉంటాడని నన్నెవరూ అడగలేదు. ఆ కుటుంబం ఏటా సుగ్గికి గుంటూరు మిరప తోటలకు పోతుంది. మూడు నెలల చదువు అక్కడే పోతుంది. వాడికి ఇంకా గుణింతాలే రావు. నోటిలెక్కలకైతే అందరికంటే ముందు చెయ్యెత్తుతాడు. ఒకరోజు ఒకటో తరగతి వాచకం ఇచ్చి నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. అక్షరం కింద వేలు పెట్టుకుని, బెల్లు కొట్టేదాకా కదల్లేదు.

ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలు కూడా ఆసక్తి ఉన్న పనిలో అలాగే లీనమవుతారు. కాబట్టి వాడికి లేదని నేను చెప్పలేను. కానీ ఉందని చెప్పాలంటే పరధ్యానానికి సంబంధించిన 9 లక్షణాల్లోనో, అతిచురుకుదనానికి సంబంధించిన 9 లక్షణాల్లోనో కనీసం 6 ఉండాలి. అవి ఆరు నెలలుగా ఉండాలి, 12 ఏళ్ళలోపే మొదలవ్వాలి, ఇల్లు, బడి లాంటి రెండు చోట్లయినా కనపడాలి. బడిని అడక్కుండా రెండో చోటు సంగతి ఎలా తెలుస్తుంది?

ఇక ఐదో తరగతి పాప. అల్లరి లేదు కాబట్టి ఎవరి కంటా పడలేదు. లెక్క సగంలో వదిలేస్తుంది, రోజూ ఏదో ఒకటి మర్చిపోతుంది. ఉప్పు తెమ్మని అంగడికి పంపితే ఉత్త చేతులతో వస్తుందని వాళ్ళమ్మ చెప్పింది. ఒకటో తరగతి నుంచీ ఇంతే. సర్కారు ఆసుపత్రిలో డాక్టరమ్మ చూపు, వినికిడి పరీక్ష చేయించి, అమ్మకొకటి, నాకొకటి ఫారం ఇచ్చి నింపించాకే మాత్ర మొదలుపెట్టారు. ఇప్పుడు లెక్క చివరిదాకా చేస్తోంది. మధ్యాహ్నం అన్నం మాత్రం తగ్గింది, అందుకే ప్రతిసారీ బరువు, ఎత్తు, బీపీ చూస్తున్నారు.

అందుకే నేను మందులకు వ్యతిరేకిని కాను. ఒకరికి తొందరపడి రాయడం, ఇంకొకరిని ఏళ్ళ తరబడి పట్టించుకోకపోవడం, రెండూ బడిని అడగకపోవడం వల్లే జరిగాయి.

పిల్లల ఆరోగ్యం పరీక్షించడానికి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు ఎలాగూ బడులకు వస్తాయి. వాళ్ళతో తెలుగులో ఉన్న టీచర్ ఫారం పంపించండి. అది చూడనిదే ఏ డాక్టరూ మొదటి చీటీ రాయకూడదని ఆదేశించండి. మాత్ర మొదలైన నెలకు అదే ఫారం మాతో మళ్ళీ నింపించండి.

ఇట్లు,
ఆదోని ప్రాంత ఉపాధ్యాయురాలు