టీకా కార్డులో లేని గడి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను విశాఖపట్నం మద్దిలపాలెంలో ఉంటాను. మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం, ఈ ఊళ్ళోనే ఒక కాలేజీ హాస్టల్లో ఉండి చదువుతోంది. త్వరలో దానికి పదహారు నిండుతాయి. మొన్న ఫిబ్రవరిలో దాని గదిలో ఉండే అమ్మాయికి ఆటలమ్మ పోసింది. ఆ వారం మా ఇంట్లో జరిగింది మీకు రోజుల లెక్కతో సహా చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ అమ్మాయికి ఒంటి మీద పొక్కులు కనిపించింది గురువారం రాత్రి. హాస్టల్ వాళ్ళు మాకు ఫోన్ చేసింది శనివారం సాయంత్రం. "మీ పాపకి ఇంతకుముందు వచ్చిందా?" అని వార్డెన్ అడిగారు. రాలేదు. టీకా వేయించారా అని అడిగితే, అన్నీ వేయించామండీ అని ధైర్యంగా చెప్పాను. ఇంటికొచ్చి పాత కార్డు తీసి చూశాను. ప్రతి గడిలోనూ తేదీ ఉంది. కానీ ఆటలమ్మ టీకాకు అసలు గడే లేదు. అది ప్రభుత్వ టీకాల పట్టికలో లేదు. పిల్లల డాక్టర్ల సంఘం మాత్రం రెండు డోసులు వేయించమంటుంది, అదీ ప్రైవేటులో డబ్బు పెట్టి. అప్పట్లో మేము ఊళ్ళు మారుతూ ఉన్నాం, ఆ మాట మాకు ఎవరూ చెప్పలేదు. కార్డు నిండింది కాబట్టి పని అయిపోయిందనుకున్నాం. నాలాంటి తల్లులు ఎంతమంది ఉన్నారో!

అసలు టెన్షన్ వేరే ఉంది. మా చెల్లెలు ఎనిమిదో నెల గర్భంతో పురిటికి మా ఇంటికే వచ్చి ఉంది. దానికి చిన్నప్పుడు అమ్మవారు పోసిందో లేదో మా అమ్మకు సరిగా గుర్తు లేదు. "ఒకళ్ళకి పోసింది, వేపాకు పరిచి పడుకోబెట్టాం, నీకో దానికో" అంటుంది. కాన్పుకు ఐదు రోజుల ముందు నుంచి రెండు రోజుల తర్వాత వరకు తల్లికి పొక్కులు వస్తే పుట్టిన బిడ్డకు ప్రాణం మీదకు రావచ్చట. ఇది తెలిశాక ఆదివారం రాత్రి మా ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు.

సోమవారం పొద్దున్నే బయల్దేరాం. మొదటి క్లినిక్‌లో టీకా ఉంది. కానీ ఇంట్లో గర్భిణి ఉందని చెప్పగానే, ఇది బతికున్న వైరస్‌తో చేసిన టీకా, వేయకూడదు అని పంపేశారు. రెండో చోట, ఎలాగూ అంటుకునే ఉంటుంది, 21 రోజులు చూడండి, వస్తే మందులు ఇద్దాం అన్నారు. మూడో చోట ఒక పెద్దావిడ, పిల్లల డాక్టరు, కాగితం మీద రోజులు వేసి చూపించారు.

పొక్కులు కనబడటానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఆ వైరస్ పక్కవాళ్ళకు అంటుతుంది. గురువారం పొక్కులంటే, బుధవారం నుంచైనా లెక్క పెట్టాలి. కలిసి ఉన్నాక మూడు రోజుల్లోపు టీకా వేస్తే జబ్బు రాకుండా ఆగడానికో, వచ్చినా తేలిగ్గా పోవడానికో మంచి అవకాశం ఉంటుంది. ఐదు రోజుల వరకు కొంత ఉంటుంది. సోమవారం ఐదో రోజు. "ఈరోజే వెయ్యాలి" అన్నారావిడ. హాస్టల్ నుంచి గురువారం రాత్రే ఫోన్ వచ్చి ఉంటే శుక్రవారం, అంటే రెండో రోజే వేయించేవాళ్ళం.

గర్భిణి సంగతి కూడా ఆవిడే విడమరిచి చెప్పారు. ఈ టీకా గర్భిణికి వేయకూడదు, అంతే. ఆమెతో ఒకే ఇంట్లో ఉండే పిల్లకు వేయవచ్చు. వేస్తేనే గర్భిణికి రక్షణ. టీకా వేశాక పిల్లకు ఒంటి మీద పొక్కులు వస్తే మాత్రం అవి తగ్గేదాకా దూరంగా ఉంచాలి. చెల్లెలికి అదే రోజు రక్తపరీక్ష చేయించమన్నారు. టీకా వేసినా పిల్లకు జబ్బు వచ్చే అవకాశం ఉంది, వస్తే ఎనిమిదో రోజు నుంచి అది ఇతరులకు అంటవచ్చు, ఆలోపు ఫలితం చేతిలో ఉండాలి అన్నారు. బుధవారం సాయంత్రం రిపోర్టు వచ్చింది. చెల్లెలికి పాత రక్షణ ఉంది. అమ్మ వేపాకు పరిచింది దానికేనన్నమాట.

టీకా వేసే ముందు ఆవిడ మా అమ్మాయిని స్టెరాయిడ్ మందులు వాడుతున్నావా, ఈమధ్య రక్తం ఎక్కించారా, గత నెలలో వేరే టీకా ఏదైనా వేశారా అని అడిగారు. నన్ను బయటికి పంపి కూడా ఏదో అడిగారు, అదీ సరైన పనే. ఆరు వారాల పాటు ఆస్పిరిన్ ఇవ్వొద్దన్నారు. ఖర్చు డోసుకు రెండు వేలు దాటింది. రెండో డోసు నాలుగు వారాలకు రమ్మన్నారు. చిన్నపిల్లలకైతే మూడు నెలల ఎడం కావాలి, పదమూడేళ్ళు దాటిన వాళ్ళకు నాలుగు నుంచి ఎనిమిది వారాలు చాలు. ఈ వయసులో ఒక్క డోసుతో నలుగురిలో సుమారు ముగ్గురికే రక్షణ ఏర్పడుతుంది, రెండో డోసుతో దాదాపు అందరికీ. అందుకే ఒకటి వేయించి మర్చిపోవడం పనికిరాదు.

మా అమ్మాయికి జబ్బు రాలేదు. టీకా ఆపిందో, వైరస్ అసలు అంటనే లేదో నేను చెప్పలేను. అదే గదిలో ఉన్న మూడో అమ్మాయి వాళ్ళకు చూద్దాం అన్న సలహాయే దొరికింది. పదిహేనో రోజున ఒళ్ళంతా పొక్కులు, నోట్లో కూడా. వారం పాటు మజ్జిగ తప్ప ఏమీ మింగలేకపోయింది. చిన్నప్పుడు వస్తే పోతుందిలే అనుకుంటాం గానీ, వయసు పెరిగేకొద్దీ ఈ జబ్బు బరువవుతుంది, న్యుమోనియా భయం కూడా ఎక్కువవుతుంది. మనలాంటి వేడి ప్రాంతాల్లో చాలామంది ఇది రాకుండానే యౌవనంలోకి వస్తారు. అలాంటి పిల్లలందర్నీ మనం హాస్టల్ గదుల్లో ఒకచోట చేరుస్తున్నాం.

మంత్రి గారూ, పదేళ్ళకు, పదహారేళ్ళకు మన పిల్లలకు టీడీ టీకా ప్రభుత్వమే వేస్తోంది. ఏఎన్ఎం ఎలాగూ ఆ రోజు పిల్లల ముందు నిలబడుతుంది. అప్పుడే ఆటలమ్మ వచ్చిందా, టీకా రెండు డోసులూ పడ్డాయా అని అడిగి కార్డు మీద రాయించండి. గుర్తు లేదు అంటే రాలేదనే లెక్క వేయమనండి. ఇదివరకే వచ్చిన వాళ్ళకు పొరపాటున వేసినా నష్టం లేదు. ఈ ఒక్క ప్రశ్నకు డబ్బు అక్కర్లేదు, ముందు ఇది మొదలుపెట్టండి.

డోసుకు రెండు వేలు పెట్టలేని ఇళ్ళ పిల్లలు గురుకులాల్లో, కస్తూర్బా పాఠశాలల్లో, సంక్షేమ హాస్టళ్ళలో ఉన్నారు. కనీసం వాళ్ళకైనా రాష్ట్రం కొని వేయాలి. హాస్టల్లో ఒక పిల్లకు పొక్కులు కనబడిన రోజే మిగతా తల్లిదండ్రులకు చెప్పాలని, ఆ పిల్లను వెంటనే వేరే గదిలోకి మార్చాలని జిల్లా వైద్యాధికారుల ద్వారా ఉత్తర్వు ఇప్పించండి. అలాంటి రోజు కోసం కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రిలో కొన్ని డోసులు ఎప్పుడూ ఉంచండి. ఆదివారం కూడా దొరకాలి. మాకు ఆ ఆదివారం ఊరంతా తిరిగినా ఒక్క క్లినిక్ తెరిచి లేదు.

ఇట్లు,
ఒక తల్లి,
మద్దిలపాలెం, విశాఖపట్నం